బైక్ పోతే ఏ యాడ్-ఆన్ ఆదుకుంటుంది? రెన్యువల్ పేజీలో టిక్కు తీసేసే ముందు

బైక్ కొన్న ఏడాదికి ఇన్సూరెన్స్ రెన్యువల్ మెసేజ్ వస్తుంది. లింకు నొక్కితే పైన ఒక ధర, దాని కింద వరసగా చిన్న చిన్న గళ్లు: జీరో డెప్, రిటర్న్ టు ఇన్‌వాయిస్, ఇంజిన్ ప్రొటెక్ట్, కీ రీప్లేస్‌మెంట్. అసలు పాలసీకి అదనంగా డబ్బు కట్టి తగిలించుకునే ఇవే యాడ్-ఆన్లు. టిక్కు పెడితే ధర పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. చాలామంది అక్కడ చూసేది ఆ ధర ఒక్కటే. నేను కోనసీమలో ఇన్సూరెన్స్ పని చేస్తుంటాను కాబట్టి నన్ను అడిగేవాళ్లు ఎక్కువ. "అన్నీ పెట్టెయ్యమంటారా, అన్నీ తీసెయ్యమంటారా అండీ?" అంటారు. రెండూ వద్దంటాను. ఒక్కో గడి ఒక్కో రకం నష్టానికి పనికొస్తుంది. మీకు ఏ నష్టం వచ్చే వీలుందో తేల్చుకుంటే టిక్కు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది.

ఇక్కడ చెప్పబోయేది ముఖ్యంగా దొంగతనం గురించి. మా అక్క కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అతని బైక్ పోయినప్పుడు ఏం జరిగిందో లెక్కలతో సహా మధ్యలో చెబుతాను.

## "షోరూంలో ఐదేళ్లకి కట్టేశాం కదా!"

పోలికలోకి వెళ్లే ముందు ఇది తేలాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అందుకని షోరూం కాగితం మీద ఐదేళ్ల తేదీ కనిపిస్తుంది. అది చూసి ఇక ఐదేళ్లు బెంగ లేదనుకుంటారు.

ఆ ఐదేళ్లూ ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి మాత్రమే. మీ బైక్ పాడైనా, కాలిపోయినా, దొంగలు ఎత్తుకెళ్లినా ఇచ్చేది ఓన్ డ్యామేజ్ భాగం. అది మామూలుగా మొదటి ఏడాదికే ఉంటుంది. రెండో ఏడాది నుంచి దాన్ని విడిగా కట్టుకోవాలి. కట్టకపోతే పోలీసు తనిఖీలో ఎవరూ ఆపరు, ఫైను పడదు, అందుకే చాలామందికి అది లేదన్న సంగతి బండి పోయిన రోజునే తెలుస్తుంది. యాడ్-ఆన్లన్నీ ఈ ఓన్ డ్యామేజ్‌కి తగిలించేవే. అది లేకపోతే కింద చెప్పేవేవీ కుదరవు.

మీ పాలసీ కాగితంలో రెండు వేర్వేరు గడువులు రాసి ఉంటాయి. ఒకసారి తీసి చూడండి.

## చూసుకోవాల్సిన మూడు సంగతులు

మొదటిది, మీ బండి ఎక్కడ ఉంటుంది, ఎవరు చూస్తుంటారు. ఇంట్లో వసారాలో పెట్టుకునే బండికీ, రాత్రంతా బస్సు కాంప్లెక్స్ దగ్గర రోడ్డు పక్కన ఉండే బండికీ దొంగతనం భయం ఒకటి కాదు. గోదావరి పాయల మధ్య లంకలో ఉండేవాళ్లకి దొంగ కన్నా నీళ్లతోనే ఎక్కువ బాధ.

రెండోది, ఐడీవీకీ మీరు పెట్టిన డబ్బుకీ మధ్య ఎంత తేడా ఉంది. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ట మొత్తమే ఐడీవీ. షోరూం ధరలో బండి వయసు బట్టి కొంత శాతం తీసేసి దాన్ని కడతారు: ఆరు నెలల లోపు 5, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. పాలసీ మొదలైన రోజు కట్టిన ఐడీవీ ఆ ఏడాదంతా మారదు. రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో ఉండవు. కొనేటప్పుడు జేబులోంచి పోయింది మాత్రం అవి కూడా కలిపి.

మూడోది, లోన్. ఫైనాన్స్ మీద కొన్న బండి పోతే క్లెయిమ్ డబ్బులో ముందు ఫైనాన్స్ కంపెనీ బాకీ తీరాలి. మిగిలింది మీకు. దీన్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు తక్కువ, దెబ్బ మాత్రం ఇక్కడే తగులుతుంది.

## ఏది ఎప్పుడు పనికొస్తుంది

| ఎంపిక | బండి దొంగతనం అయితే | రిపేరు వస్తే | నీళ్లు ఇంజిన్లోకి వెళ్తే |
|---|---|---|---|
| థర్డ్ పార్టీ ఒక్కటే | ఏమీ రాదు | ఏమీ రాదు | ఏమీ రాదు |
| ఓన్ డ్యామేజ్ | ఐడీవీ వరకు | పార్టుల తరుగు పోను | వరద నష్టం వస్తుంది, స్టార్ట్ చేసి చెడగొట్టుకున్న ఇంజిన్‌కి కష్టం |
| + జీరో డెప్ | అదనంగా ఏమీ లేదు | తరుగు కోత చాలావరకు ఉండదు | అదనంగా ఏమీ లేదు |
| + రిటర్న్ టు ఇన్‌వాయిస్ | ఐడీవీకి పైన ఉన్న తేడా కూడా | అదనంగా ఏమీ లేదు | బండి మొత్తం పనికిరాదని తేల్చితేనే |
| + ఇంజిన్ ప్రొటెక్ట్ | అదనంగా ఏమీ లేదు | అదనంగా ఏమీ లేదు | ఇంజిన్ ఖర్చు |
| + కీ రీప్లేస్‌మెంట్ | నేరుగా ఏమీ లేదు | అదనంగా ఏమీ లేదు | అదనంగా ఏమీ లేదు |

అందరూ కళ్లు మూసుకుని టిక్కు పెట్టేది జీరో డెప్‌కి. "ఫుల్ కవర్" అని దాన్నే పిలుస్తారు. దొంగతనం గడిలో చూడండి, దాని వల్ల ఒక్క రూపాయి కూడా పెరగదు.

## మా మేనల్లుడి బండి

కుర్రాడిది హైదరాబాద్ కంపెనీ. నెలలో ఎక్కువ రోజులు కోనసీమ కొత్తపేట దగ్గర ఇంట్లోనే కూర్చుని పని చేస్తాడు, ఆఫీసుకి రమ్మన్నప్పుడు రావులపాలెం దాకా బండి మీద వచ్చి రాత్రి బస్సెక్కుతాడు. బండి 2024 ఫిబ్రవరిలో కొన్నాడు. షోరూం ధర లక్షా యాభై వేలు, రోడ్డు ట్యాక్సూ రిజిస్ట్రేషనూ కలిపి పద్దెనిమిది వేలు. లక్షా ఇరవై వేలు లోన్, మూడేళ్ల కిస్తీలు.

2025 ఫిబ్రవరిలో రెన్యువల్ చేస్తూ నాకు స్క్రీన్‌షాట్ పెట్టాడు. జీరో డెప్‌కి టిక్కు ఉంది, రిటర్న్ టు ఇన్‌వాయిస్‌కి తీసేశాడు. జీఎస్టీతో కలిపి నాలుగు వందల చిల్లర తగ్గిందని సంతోషం.

"ఇదెందుకు మావయ్యా? ఐడీవీ ఎలాగూ ఇస్తారు కదా. ఇవన్నీ ముందే టిక్కు పెట్టి ఉంచి మన చేత కొనిపించడానికే. మా ఆఫీసులో ఇలాంటి పేజీలు మేమే చేస్తాం" అన్నాడు.

"అది సరేరా, లోన్ ఎంత మిగిలింది?"

చెప్పడానికి కాస్త టైం తీసుకున్నాడు. యాప్ తెరిచి చూసి, ఎనభై నాలుగు వేలు దాటిందన్నాడు.

"మరి ఈ ఏడాది నీ ఐడీవీ లక్షా ఇరవై. బండి పోతే బాకీ పోను నీ చేతికి ముప్పై ఐదు, ముప్పై ఆరు వేలు. దాంతో మళ్లీ ఏ బండి కొంటావు?"

టిక్కు మళ్లీ పెట్టాడు. ఒప్పుకుని పెట్టాడని చెప్పలేను, నా పోరు పడలేక పెట్టాడు.

అక్టోబరులో బస్సుకి ఆలస్యమై, స్టాండు లోపలికి వెళ్లకుండా రోడ్డు పక్కన టీ కొట్టు ముందు బండి పెట్టి, హ్యాండిల్ లాక్ వేసి బస్సెక్కాడు. మూడు రోజుల తర్వాత తెల్లవారుజామున దిగేసరికి అక్కడ బండి లేదు. ముందురోజు దాకా ఉందని టీ కొట్టాయన చెప్పాడు.

ఆ పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303(2) కింద ఎఫ్ఐఆర్ అయింది. స్టేషన్ బయట నిలబడే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాడు. తర్వాత ఫైనాన్స్ కంపెనీకి, ఆర్టీవో ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజేశాడు. కిస్తీలు మాత్రం ఆపొద్దని నేనే చెప్పాను. బండి పోయినా లోన్ పోదు. కిస్తీ ఆగితే సిబిల్ స్కోరు దెబ్బతినడమే కాదు, బాకీ మీద పెనాల్టీలు కూడా అదే క్లెయిమ్ డబ్బులోంచి పోతాయి.

కంపెనీ వాళ్ల విచారణ మనిషి ఇంటికి వచ్చి మొదట అడిగింది తాళాలే. రెండూ ఒరిజినల్ తాళాలు కావాలి. రోజూ వాడేది జేబులో ఉంది. రెండోది వాళ్లమ్మ బీరువాలోంచి తెచ్చింది, షోరూం వాళ్లు కట్టిన ప్లాస్టిక్ ట్యాగు, దాని మీద తాళం నంబరుతో సహా. ఆయన ఆ నంబరు ఫోటో తీసుకుని, వాడిన తాళం అంచుల్లో అరుగుదల ఎంత ఉందో గోటితో తడిమి చూశాడు. తాళం బండికే వదిలేసి పోగొట్టుకున్నారా అన్నది వాళ్లు తేల్చుకునేది ఇలాగే.

ఇక ఎదురుచూపులు. బండి దొరకలేదని పోలీసులు కేసు ముగించి కోర్టుకి తుది నివేదిక పెట్టేదాకా క్లెయిమ్ కదలదు. ఇది నెలల పని. డబ్బు వచ్చేసరికి కిస్తీలు కట్టగా కట్టగా బాకీ నలభై ఐదు వేలకి దిగింది.

## లెక్క ఎలా తేలింది

ఇక్కడ ఒక మెలిక ఉంది. రిటర్న్ టు ఇన్‌వాయిస్ అంటే కొన్నప్పటి బిల్లు మొత్తం వచ్చేస్తుందని అందరూ అనుకుంటారు. చాలా పాలసీల్లో చిన్న అక్షరాల్లో "కొన్నప్పటి ఇన్‌వాయిస్ ధర, అదే మోడల్ ఇప్పటి ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది" అని ఉంటుంది. ధరలు ఏటా పెరుగుతూ ఉంటే ఆ మాట ఎవరికీ అడ్డు రాదు. కానీ 2025 సెప్టెంబరు 22న 350 సీసీ దాకా బైక్‌ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. లక్షా యాభై వేల బండి సుమారు లక్షా ముప్పై ఎనిమిది వేల మూడు వందలకి దిగింది. మావాడి బండి పోయింది ఆ తర్వాత. పాలసీలో ఆ షరతు ఉంది.

| | యాడ్-ఆన్ లేకపోతే | మావాడికి వచ్చింది | "తక్కువైతే" షరతు లేకపోతే |
|---|---|---|---|
| బండి విలువ | 1,20,000 | 1,38,300 | 1,50,000 |
| ట్యాక్సు, రిజిస్ట్రేషన్ | 0 | 18,000 | 18,000 |
| ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరి కోత | 100 | 100 | 100 |
| ఫైనాన్స్ బాకీ | 45,000 | 45,000 | 45,000 |
| చేతికి | 74,900 | 1,11,200 | 1,22,900 |

నాలుగు వందల చిల్లరకి ముప్పై ఆరు వేల మూడు వందలు ఎక్కువ వచ్చాయి. "అదృష్టం మావయ్యా" అన్నాడు. లక్షా పదకొండు వేలకి ఇంకొంత కలిపి అదే బండి, ఈసారి తగ్గిన ధరకి, లోన్ లేకుండా తీసుకునే పనిలో ఉన్నాడు.

రెండు కంపెనీల కొటేషన్లు పోల్చేటప్పుడు ప్రీమియం కన్నా ముందు ఈ ఒక్క షరతు చదవండి. ట్యాక్సు, రిజిస్ట్రేషన్ చేరుస్తారో లేదో కూడా అక్కడే ఉంటుంది. విడిగా బిగించుకున్న క్రాష్ గార్డు, ఫోన్ హోల్డరు లాంటివి మాత్రం పాలసీలో ముందే చూపించి ఉంటే తప్ప రావు.

## ఇంజిన్ ప్రొటెక్ట్ ఎవరికి

తుఫాను, వరద నష్టం ఓన్ డ్యామేజ్‌లోనే ఉంటుంది. గొడవ ఇంజిన్ దగ్గర వస్తుంది. మునిగిన బండిని బయటికి లాగి, ఆదరాబాదరాగా సెల్ఫ్ కొడతారు. లోపల ఉన్న నీళ్లు పిస్టన్‌కి అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్ల వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పాడైందని కంపెనీ అంటుంది. ఆ ఖర్చుకే ఈ యాడ్-ఆన్.

2022 జులై గోదావరి వరదలో కోనసీమ లంకలు నీళ్లలో ఉన్నాయి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. కాలవ గట్టున, లంకలో, పల్లపు వీధిలో ఇల్లు ఉంటే మీకు జీరో డెప్ కన్నా ఇదే ముందు. మేడ మెట్ల కింద బండి పెట్టుకునేవాళ్లు దీన్ని వదిలేసినా నష్టం లేదు. యాడ్-ఆన్ ఉన్నా లేకపోయినా మునిగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు, ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. కొన్ని పాలసీలు మునిగాక స్టార్ట్ చేసినట్టు తేలితే ఇదున్నా ఇవ్వవు.

## జీరో డెప్ ఎవరికి

రిపేరు బిల్లులో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకీ, టైర్లకీ, బ్యాటరీకీ సగం ధర మీరే పెట్టుకోవాలి. ఫైబర్‌కి 30 శాతం. ఇనుప భాగాలకి బండి వయసు బట్టి. జీరో డెప్ ఈ కోతను చాలావరకు ఆపుతుంది, టైర్లకీ బ్యాటరీకీ మాత్రం చాలా పాలసీల్లో వర్తించదు. ఇప్పటి స్కూటర్లకి ఒంటి నిండా ప్లాస్టిక్కే కాబట్టి, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకీ, భీమవరం, తణుకు లాంటి ఇరుకు బజార్లలో రోజూ తిరిగేవాళ్లకీ ఇది పనికొస్తుంది. చిన్న గీతలకి క్లెయిమ్ పెట్టి, క్లెయిమ్ లేని ఏడాదికి ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పోగొట్టుకుంటే మాత్రం లాభం లేదు. ఐదు వందల గీత కోసం ఆ బోనస్ వదులుకోవడం నాకు నచ్చదు.

## కీ రీప్లేస్‌మెంట్

దీన్ని నేను కూడా చాలాకాలం పెద్దగా పట్టించుకోమని చెప్పేవాణ్ణి కాదు, తాళం మార్చడానికి ఎంతవుతుందిలే అని. కానీ దొంగతనం క్లెయిమ్‌లో రెండు తాళాలూ అడుగుతారు కాబట్టి, ఒకటి పోగొట్టుకుని ఊరుకున్నవాళ్లకి అక్కడ చిక్కొస్తుంది. యాడ్-ఆన్ ఉంటే తాళం పోయిన రోజునే ఫిర్యాదు, లాక్ సెట్ మార్పిడి, కొత్త తాళాల బిల్లు అన్నీ రికార్డులోకి ఎక్కుతాయి. యాడ్-ఆన్ లేకపోయినా అదే పని సొంత డబ్బుతో చేసి బిల్లు దాచుకోవచ్చు. బజారులో యాభై రూపాయలకి డూప్లికేట్ చేయించుకుని ఊరుకోవడం మాత్రం తప్పు. అది ఒరిజినల్ తాళం కాదని చూడగానే తెలిసిపోతుంది.

## ఎవరు ఏది తీసుకోవాలి

లోన్ మీద కొన్న మూడేళ్ల లోపు బండి, బస్టాండు, రైల్వే స్టేషన్ దగ్గర వదిలి వెళ్లే అలవాటు: రిటర్న్ టు ఇన్‌వాయిస్ తప్పనిసరి. డబ్బు మిగిలితే జీరో డెప్.

లోన్ లేదు, బండి రాత్రి ఇంట్లోనే ఉంటుంది: ఓన్ డ్యామేజ్, జీరో డెప్ చాలు. బండి మరీ కొత్తదైతే రిటర్న్ టు ఇన్‌వాయిస్ కూడా పెట్టండి, ఎందుకంటే ట్యాక్సు కింద పోయేది మొదటి ఏడాది కూడా అంతే.

ముంపు ఊరు: ఓన్ డ్యామేజ్, ఇంజిన్ ప్రొటెక్ట్. మిగతావి తర్వాత.

సెకండ్ హ్యాండ్ బండి: ఇన్‌వాయిస్ మీ పేరు మీద లేదు కాబట్టి రిటర్న్ టు ఇన్‌వాయిస్ మామూలుగా మీకు ఇవ్వరు. ఎవరైనా ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టించి ప్రీమియం తీసుకుంటే, క్లెయిమ్ రోజున ఇదే కారణం చూపిస్తారు. కొనే ముందే అడగండి.

ఐదారేళ్లు దాటిన బండి, అమ్మితే పాతిక వేలు రాదు: థర్డ్ పార్టీ ఒక్కటి కట్టుకుని మిగతా డబ్బు మంచి డిస్క్ లాక్ మీద పెట్టండి. ఇందులో నాతో ఒప్పుకోని ఏజెంట్లు ఉంటారు, కమిషన్ వాళ్లది.

## క్లెయిమ్ ఎక్కడ ఆగుతుంది

ఎఫ్ఐఆర్ ఆలస్యం అన్నిటికన్నా పెద్ద తప్పు. "రెండు రోజులు వెతికి చూద్దాం" అంటారు పెద్దలు. వెతకండి, కానీ ఫిర్యాదు ఇచ్చాక వెతకండి. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి, కంపెనీకి చెప్పడం మాత్రమే ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎఫ్ఐఆరే ఆలస్యమైతే ఆ తీర్పు మిమ్మల్ని కాపాడదు.

తాళం బండికే ఉంచి టిఫిను కట్టించుకోవడానికి దిగితే, అది అజాగ్రత్త అని కంపెనీ మొత్తం కొట్టేయొచ్చు లేదా కొంత కోసి ఇవ్వొచ్చు. ఈ విషయంలో ఏ యాడ్-ఆన్ కూడా ఆదుకోదు.

బండి దొరికితే కథ మారిపోతుంది. పోలీసులు పట్టుకుని అప్పగిస్తే అది దొంగతనం క్లెయిమ్ కాదు, రిపేరు క్లెయిమ్. అప్పుడు రిటర్న్ టు ఇన్‌వాయిస్ పక్కకు పోయి జీరో డెప్ ముందుకొస్తుంది. చక్రాలు, బ్యాటరీ పీకేసి వదిలేసిన బండ్లు ఇలా దొరుకుతుంటాయి.

కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు వాళ్ల ఫిర్యాదుల విభాగానికి రాసి ముప్పై రోజులు చూడండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఇలాంటి గొడవలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. మన రాష్ట్రం హైదరాబాద్ ఆఫీసు కిందికి వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఎఫ్ఐఆర్ కాపీ, కంపెనీ కాదన్న ఉత్తరం, మీరు వాళ్లకి రాసిన ఉత్తరం, పాలసీలో యాడ్-ఆన్ షరతులున్న పేజీ దగ్గర పెట్టుకోండి. ఆ చివరి పేజీ మామూలుగా ఎవరి దగ్గరా ఉండదు. పాలసీతో వచ్చే ఒక్క పేజీ సర్టిఫికెట్లో యాడ్-ఆన్ పేరు మాత్రమే ఉంటుంది, షరతులు వేరే ఫైల్లో ఉంటాయి. రెన్యువల్ చేసిన రోజునే ఆ ఫైల్ డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌లోనే కాకుండా మెయిల్‌లో కూడా పెట్టుకోండి. బండితో పాటు ఫోన్ కూడా పోయినవాళ్లు ఉన్నారు.